జేబులో 1,200, మిగిలింది 830: బావ ఆటో లెక్క, 21 రోజుల డైరీ

మొదలుపెట్టే ముందు రాత్రి

మా బావది మదనపల్లె దగ్గర పల్లె. బెంగళూరుకు వచ్చి తొమ్మిదేళ్లయింది. కె.ఆర్.పురంలో ఉంటూ బాడుగ బండి తోలుతాడు. నేను వాళ్ల పై గదిలో ఉంటూ, ఒక ఎలక్ట్రికల్ సామాను గోడౌన్‌లో స్టాకు లెక్కలు రాస్తాను.

రోజూ రాత్రి తొమ్మిది దాటాక బావ ఇంటికొచ్చి, చొక్కా జేబులోని నోట్లు చాప మీద పోసి లెక్కపెడతాడు. "ఈ రోజు పన్నెండు వందలు మిగిలిందిరా" అంటాడు. ఒక్కోరోజు మాత్రం "ఈ రోజు బాలేదు, ఐదు వందలు కూడా రాలేదు" అని ముఖం మాడ్చుకుంటాడు. మామూలు రోజుకు పన్నెండు వందలని ఆయన నమ్మకం. అలాగైతే నెలకు ముప్పై వేలు దాటాలి. అక్క చేతికి వచ్చేది ఇరవై వేలు కూడా ఉండదు. మొన్న ఆమె అడిగేసింది. "మిగతా దుడ్లు యాడికి పోతాండాయి?"

బావకు తాగుడు లేదు, పేకాట లేదు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. అబద్ధం చెప్పే మనిషి కాదని నాకు తెలుసు. అక్కకూ తెలుసు. అందుకే ఇద్దరికీ బాధగా ఉంది. మూడు వారాలు రోజూ నేనే లెక్క రాస్తానని ఆ రాత్రే చెప్పాను.

బావ బండి ఎల్పీజీతో నడిచేది. ఓనరుకు రోజుకు 350 బాడుగ. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఇంజను పెద్ద రిపేర్లు ఓనరువి. గ్యాసు, పంక్చర్లు, చిన్న చిన్న రిపేర్లు బావవి. మాట్లాడుకున్న ఒప్పందం అది.

1వ రోజు

మొదటి ఇబ్బంది గ్యాసు దగ్గరే వచ్చింది. బావ ఎప్పుడూ ట్యాంకు నింపడు. బంకులో 300కు పోయించుకుంటాడు, చేతిలో డబ్బుంటే 500కు. అలా పోయిస్తే ఈ రోజు బండి ఎంత గ్యాసు తాగిందో ఎవరికీ తెలియదు. గోడౌన్‌లో కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పే ఇది. ఈ రోజు కొన్న సరుకును ఈ రోజు అమ్మిన సరుకు అనుకుంటారు. పొద్దున నిల్వ ఎంత, సాయంత్రం నిల్వ ఎంత అని చూడరు.

బావకు అదే చెప్పాను. "ఒక్కసారి ఫుల్లుగా పోయించు బావా. దాన్నే మన మొదటి నిల్వ అనుకుందాం. మళ్లీ పోయించినప్పుడు కూడా ఫుల్లే. రెండోసారి ఎంత పట్టిందో మధ్యలో అంత ఖర్చయినట్టు."

ఎల్పీజీ ట్యాంకుతో ఒక సౌకర్యం ఉంది. గ్యాసు వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి దానికి చోటు వదలాలి. అందుకని ట్యాంకు సుమారు 80 శాతం నిండగానే లోపలి వాల్వు తనే ఆపేస్తుంది. ఎవరు పోసినా దాదాపు ఒకే చోట ఆగుతుంది. ఎండ వేడిని బట్టి, బంకులో పంపు ఒత్తిడిని బట్టి కొంచెం తేడా రావచ్చు. కాబట్టి ఒక్కసారి చూసి మైలేజీ ఇంత అని తేల్చేయకుండా, మూడు సార్లయినా చూద్దామనుకున్నాం. నిన్న రాత్రి ఫుల్ చేయించినప్పుడు రీడింగు 48,212. ఆ అంకెను పుస్తకం మొదటి పేజీ పైన పెద్దగా రాశాను.

2 నుంచి 6వ రోజు

ఈ ఐదు రోజులూ అంకెలు రాసుకోవడమే పని. పొద్దున బండి తీసేటప్పుడు రీడింగు, రాత్రి పెట్టేటప్పుడు రీడింగు. నగదు ఎంత, ఫోనులో పడింది ఎంత.

రెండో రోజు రాత్రి ఫుల్ చేయిస్తే 268 కిలోమీటర్లకు 12.4 లీటర్లు పట్టింది. నాలుగో రోజు 291 కిలోమీటర్లకు 13.9. ఆరో రోజు 254కు 11.5. మూడూ కలిపితే 813 కిలోమీటర్లకు 37.8 లీటర్లు. అంటే లీటరుకు ఇరవై ఒకటిన్నర కిలోమీటర్లు. విడివిడిగా చూస్తే ఒకసారి 21 కూడా రాలేదు, ఇంకోసారి 22 దాటింది. ఒక్క ఫుల్లింగుతోనే తేల్చుకుని ఉంటే తప్పు అంకె పట్టుకుని కూర్చునేవాళ్లం.

మేం పోయించిన ధర లీటరుకు 60 రూపాయల చుట్టూ ఉంది. లెక్క సులువుగా ఉండాలని 60 అనుకున్నాం. కిలోమీటరుకు 2.80 పడింది. బావకు ఈ అంకె బాగా నచ్చింది. "అంటే వంద కిలోమీటర్లకు 280. ఇది నోటి లెక్కే కదరా" అన్నాడు.

7వ రోజు

ఈ రోజును వివరంగా రాస్తున్నాను. మా ప్రశ్నకు జవాబు ఈ రోజే దొరికింది.

నిన్న రాత్రి ఫుల్ చేయించాం, కాబట్టి ఈ రోజు బంకుకు పోలేదు. పొద్దున ఏడింటికి రీడింగు 49,025, రాత్రి తొమ్మిదికి 49,157. మొత్తం 132 కిలోమీటర్లు, 14 ట్రిప్పులు. నగదు 980, ఫోనుకు పడింది 735. మొత్తం రాబడి 1,715.

బావ పొద్దున జేబులో 200 చిల్లర పెట్టుకుని బయల్దేరాడు. ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం, మూడు టీలకు 140 అయింది. సాయంత్రం ఓనరుకు 350 చేతికిచ్చాడు. రాత్రి చాప మీద పోసిన నోట్లు 690. చిల్లర 200 తీసేస్తే 490. ఫోనులో పడిన 735లో, ట్రిప్పులు ఇచ్చే యాప్‌కు రోజు ఫీజు 25 పోగా 710. రెండూ కలిపితే సరిగ్గా 1,200.

"చూశావా, పన్నెండు వందలు" అన్నాడు బావ. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. బాడుగ కట్టేశాడు, తిండి ఖర్చు పోయింది, చేతిలో 1,200 నిజంగానే ఉంది. అయితే బండి ఈ రోజు 132 కిలోమీటర్లు తిరిగింది. 2.80 చొప్పున 370 రూపాయల గ్యాసు ఖర్చయిపోయింది. దాని డబ్బు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, అంతే. ఆ 370 బావ జేబులో ఉన్నా అది బంకుది. తీసేస్తే మిగిలేది 830.

బావ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రేపు రాత్రి కూడా రాయి, చూద్దాం" అన్నాడు.

8వ రోజు

రాబడి 1,690, తిరిగింది 128 కిలోమీటర్లు. నిన్నటికీ ఇవాళ్టికీ పెద్ద తేడా లేదు. రాత్రి ఫుల్ చేయిస్తే 12 లీటర్లు పట్టింది, 720 అయింది. బాడుగ 350, యాప్ 25, తిండి 130. అన్నీ పోగా మిగిలింది 465.

ఇదే "ఈ రోజు బాలేదు" అనే రోజు!

గ్యాసుకు బంకులో ఇచ్చిన 720 బదులు ఈ రోజు తాగిన గ్యాసు లెక్కేస్తే 128 కిలోమీటర్లకు 358. అప్పుడు మిగులు 827. నిన్న 830, ఇవాళ 827. రెండూ ఒకే రకం రోజులు. జేబు మాత్రం ఒకదాన్ని 1,200 అంది, ఇంకోదాన్ని 465 అంది. తొమ్మిదేళ్లుగా బావ మంచి రోజు అనుకున్నవి చాలావరకు గ్యాసు పోయించని రోజులు. చెడ్డ రోజు అనుకున్నవి పోయించిన రోజులు. మనసులో నిలిచింది మాత్రం 1,200.

అక్క పక్కనే కూర్చుని వింది. "అయితే నువ్వు దాచిపెట్టింది ఏమీ లేదు" అంది. బావ కళ్లు తుడుచుకున్నాడు. ఈ పని పెట్టుకున్నందుకు నాకు ఆ ఒక్క మాట చాలు.

తర్వాత ఫోనులో ఒక షీటు చేశాను. వరుసగా పొద్దున రీడింగు, రాత్రి రీడింగు, నగదు, ఫోనుకు పడింది, బాడుగ, మిగతా ఖర్చులు.

```
=C2+D2-(B2-A2)*2.8-E2-F2
```

గ్యాసుకు బంకులో ఇచ్చిన డబ్బు ఈ వరుసల్లో ఎక్కడా రాయకూడదు. రాస్తే గ్యాసు రెండుసార్లు తీసేసినట్టవుతుంది. పోయించిన లీటర్లు వేరే పేజీలో రాస్తాం, 2.80 సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి మాత్రమే. గ్యాసు ధర మారితే ఆ అంకె మార్చుకోవాలి.

తిండి విషయంలో చిన్న వాదన జరిగింది. "ఇంట్లో ఉన్నా తింటాను కదా, అది బండి ఖర్చు ఎట్లవుతుంది?" అన్నాడు బావ. అక్క ఒప్పుకోలేదు. ఇంట్లో తింటే 140 కాదంది. ఆమె మాటే సరైనదని నాకనిపించింది. తిండిని ఖర్చుగానే ఉంచాం.

9వ రోజు

ఇంకో అంకె నన్ను ఇబ్బంది పెడుతోంది. 2025 ఆగస్టు 1 నుంచి బెంగళూరులో మీటరు రేటు మొదటి 2 కిలోమీటర్లకు 36, తర్వాత కిలోమీటరుకు 18. అంతకు ముందు 30, 15 ఉండేవి. 36ను రెండుతో భాగించినా 18 వస్తుంది. అంటే 2 కిలోమీటర్లు దాటిన ఏ ట్రిప్పు అయినా కిలోమీటరుకు 18 పడ్డట్టే. మరి ఏడో రోజున 132 కిలోమీటర్లకు వచ్చింది 1,715. కిలోమీటరుకు 13 మాత్రమే.

బావను కూర్చోబెట్టి ఆ రోజు ట్రిప్పులు ఒక్కొక్కటీ గుర్తు చేయించాను. యాప్‌లో ఉన్నవి ఫోనులో దొరికాయి, స్టాండులో ఎక్కినవి ఆయనకు గుర్తున్నాయి. మనుషులు ఎక్కిన దూరం 85 కిలోమీటర్లే. మిగతా 47 ఖాళీ. యాప్‌లో పిలిచిన చోటికి పోవడం, దించిన చోటి నుంచి వెనక్కి రావడం, పొద్దున ఇంటి నుంచి హూడి మెట్రో దగ్గరికి, రాత్రి ఎక్కడున్నా ఇంటికి. గ్యాసు బంకు దారిలో లేకపోతే దానికి ఇంకో నాలుగైదు కిలోమీటర్లు. ఖాళీగా తిరిగినా గ్యాసు ఆగదు కాబట్టే మా లెక్కలో మొత్తం కిలోమీటర్లు తీసుకుంటున్నాం, ఎక్కినవి కాదు.

బావకు దూరం ట్రిప్పులంటే ఇష్టం. హూడి నుంచి సర్జాపుర రోడ్డుకు 14 కిలోమీటర్లు, 252 ఒక్కసారే వస్తుంది. కానీ ఆ రోజు వెనక్కి 9 కిలోమీటర్లు ఖాళీగా వచ్చాడు. మొత్తం 23 కిలోమీటర్లకు గ్యాసు 64 పోతే 188 మిగిలింది, పోయిరావడానికి గంటా యాభై నిమిషాలు. ఈ రోజు పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదీ ఇరవై దాకా, అంటే అంతే సేపు, మెట్రో స్టేషను చుట్టూనే తిరగమన్నాను. ఐదు చిన్న ట్రిప్పులు: 36, 50, 45, 36, 54. మొత్తం 221. ఖాళీతో కలిపి 15 కిలోమీటర్లు, గ్యాసు 42. మిగిలింది 179.

తొమ్మిది రూపాయల తేడా. దూరం ట్రిప్పే ఎంతో మేలని బావ అనుకునేవాడు, చిన్నవే మేలని నేను అనుకున్నాను. రెండూ ఒకటే అయ్యాయి. కిలోమీటరున్నర దూరానికి కూడా 36 వస్తుంది కాబట్టి చిన్న ట్రిప్పులు నిలదొక్కుకున్నాయి. అయితే అది పొద్దున ఆఫీసు వేళలో మాత్రమే. మధ్యాహ్నం స్టేషను దగ్గర గిరాకీ ఉండదు, వరుసలో అరగంట నిలబడాలి. అప్పుడు దూరం ట్రిప్పు వస్తే, వెనక్కి సగం దూరానికైనా మనిషి దొరికితే, అదే మేలు.

10వ రోజు

రాత్రి రీడింగు చూస్తే పొద్దుటి అంకే ఉంది. స్పీడోమీటరు కేబుల్ తెగిపోయింది. ముల్లు సున్నా మీదే పడి ఉన్నా, పనిలో పడి బావ గమనించలేదు. ఆ రోజు రాబడి 1,760. కిలోమీటరుకు 13 చొప్పున భాగిస్తే సుమారు 135 కిలోమీటర్లు. పెన్సిలుతో రాసి పక్కన చుక్క పెట్టాను. కేబుల్ మార్చడానికి 200 అయింది.

11వ రోజు

షీటులో రాబడి 2,310 అని వచ్చింది. బావ మురిసిపోయాడు. నాకు అనుమానం వచ్చింది. తిరిగింది 131 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు 17.6. పగటి పూట మీటరు రేటే 18 అయినప్పుడు, ఖాళీ కిలోమీటర్లన్నీ కలిపి 17.6 రావడం కుదరదు. రాత్రి పది నుంచి ఐదు వరకు ఒకటిన్నర రేటు ఉంటుంది గానీ బావ ఆ వేళలో తోలడు.

ఫోనులో ఒక్కొక్క జమ చూశాం. స్టాండులోని స్నేహితుడు పోయిన నెల తీసుకున్న 500 తిరిగి వేశాడు. అదీ రాబడిలో కలిసిపోయింది. తీసేస్తే 1,810, కిలోమీటరుకు 13.8. ఇప్పుడు నమ్మదగ్గట్టు ఉంది.

ఆటో డబ్బూ ఇంటి డబ్బూ ఒకే ఖాతాలో ఉంటే ఇలాగే అవుతుంది. చీటీ డబ్బు కూడా ఆ ఖాతా నుంచే పోతోంది. ఇంకో బ్యాంకులో బావకు ఊరికే పడి ఉన్న ఖాతా ఒకటుంది. ఆటోలో అతికించిన క్యూఆర్‌ను దానికి మార్పించాం.

13 నుంచి 16వ రోజు

రెండు రోజులు బావకు జ్వరం. బండి ఇంటి ముందే ఉంది. మన చేతిలో ఉన్నన్ని రోజులూ తోలినా తోలకపోయినా 350 ఇవ్వాలి కాబట్టి 700 పోయింది. పదహారో రోజు క్లచ్ పనికి ఓనరే షెడ్డుకు తీసుకెళ్లాడు. ఆ రోజు బాడుగ లేదు, రాబడీ లేదు.

జ్వరం రోజుల పేజీలు ఖాళీగా వదిలేద్దామని మొదట అనుకున్నాను. తర్వాత అది తప్పనిపించింది. ఆ 700 కూడా తోలిన రోజుల రాబడి నుంచే రావాలి. ఇంకెక్కడి నుంచి వస్తుంది?

21వ రోజు, రాత్రి

మొత్తం తేల్చాం. 18 రోజులు తోలాడు. పెన్సిలు అంకెతో కలిపి 2,336 కిలోమీటర్లు. రాబడి 30,640.

ఈసారి గ్యాసు అంచనాతో పని లేదు. చివరి రాత్రి కూడా ఫుల్ చేయించాం కాబట్టి, మొదటి నిల్వా చివరి నిల్వా సమానం. మొత్తం పోయించినది 109.8 లీటర్లు, 6,588 రూపాయలు. బాడుగ 20 రోజులకు 7,000. తోలిన రోజుల మీద పంచితే రోజుకు 389 పడుతుంది, 350 కాదు. యాప్ ఫీజు 450. కేబుల్, పంక్చర్లు, బల్బు, కడిగించినది కలిపి 620. ఇవన్నీ పోతే 15,982. తిండి 2,380 తీసేస్తే 13,602.

తోలిన రోజుకు 756. క్యాలెండరు రోజుకు 648. నెలకు సుమారు 19,400.

అక్క డబ్బాలో నుంచి తన కాగితం తీసింది. పోయిన నెల బావ ఇచ్చిన డబ్బు ఆమె రాసుకుంది. 19,100. కాసేపు ముగ్గురం ఆ రెండు అంకెలనే చూస్తూ కూర్చున్నాం.

పగలు రెండు గంటల విశ్రాంతి తీసేస్తే బావ రోజుకు పన్నెండు గంటలు బండిలో ఉంటాడు. గంటకు 63 రూపాయలు. ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పాను. బావ తల ఊపాడు. "తెలిస్తేనే మేలు. బాడుగ తగ్గించమని ఓనరును అడగడానికి నోరొస్తుంది. కనీసం జ్వరం వచ్చిన రోజుకు సగం తీసుకోమని అడుగుతా. పుస్తకం చూపిస్తా" అన్నాడు.

22వ రోజు

నేను గోడౌన్ నుంచి వచ్చేసరికి చాప మీద నోట్లు పోసి ఉన్నాయి. బావ నన్ను పిలవలేదు. రాత్రి రీడింగులోంచి పొద్దుటి రీడింగు తీసేసి, వేళ్ల మీద లెక్కేశాడు. 126 కిలోమీటర్లు. 353 రూపాయలు విడిగా తీసి పాత హార్లిక్స్ సీసాలో వేశాడు. మూత మీద అక్క స్కెచ్ పెన్నుతో "గ్యాసు" అని రాసి ఉంది. బాడుగ సాయంత్రమే ఇచ్చేశాడు, జ్వరం రోజుల కోసం ఇంకో 39 పక్కన పెట్టాడు. మిగిలినది రెండు చేతులతో సర్ది అక్కకు ఇచ్చాడు. ఆమె లెక్కపెట్టకుండానే డబ్బాలో పెట్టింది.